జలుబు మాత్రల లేబుళ్లు రాసేవారికి: ‘మగతగా ఉంటే నడపకండి’ అంటే సరిపోదు

మందుల లేబుళ్ల మీద హెచ్చరికలు ఖరారు చేసే అధికారులకు, జలుబు, ఎలర్జీ మాత్రలు తయారుచేసే కంపెనీల వారికి,

నమస్కారం. నేను ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ పని చూస్తాను. ప్రెస్సులు, ఫోర్క్‌లిఫ్టులు, సరుకు లారీలు నడిపేవాళ్ల మధ్య నా రోజు గడుస్తుంది. మద్యం తాగి డ్యూటీకి వచ్చినవాణ్ని గేటు దగ్గరే ఆపేస్తాం, దానికి పరికరం ఉంది, రూలుంది, అడిగే హక్కూ ఉంది. జలుబు మాత్ర వేసుకుని వచ్చినవాణ్ని మాత్రం ఎవరూ ఆపరు. తనకు ఆగాల్సిన అవసరం ఉందని అతనికీ తెలియదు. ఆ తెలియకపోవడంలో మీ లేబుల్‌కి పెద్ద వాటా ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను, అందుకే ఈ ఉత్తరం.

పాత తరం యాంటీహిస్టమిన్, అంటే ముక్కు కారడం, దురద తగ్గించే మందు, ఉన్న మాత్రల మీద మామూలుగా కనిపించే వాక్యం ఇది: ‘మగత కలిగించవచ్చు. మగతగా ఉంటే వాహనాలు, యంత్రాలు నడపరాదు.’ క్లోర్‌ఫెనిరమైన్, డైఫెన్‌హైడ్రమైన్, ప్రొమెథజైన్, హైడ్రాక్సిజైన్ లాంటి మందులన్నిటికీ కాస్త అటూఇటూగా ఇదే రాస్తారు. చదివితే సబబుగానే అనిపిస్తుంది. కానీ అందులో రెండు లోపాలున్నాయి. మాత్ర వేసుకున్న మనిషి తన మత్తును తానే పసిగట్టగలడని అది అనుకుంటోంది. ఎన్ని గంటలు జాగ్రత్తగా ఉండాలో ఒక్క ముక్క కూడా చెప్పడం లేదు.

మొదటి లోపం సంగతి చూద్దాం. మెదడు లోపల, హైపోథాలమస్ అనే భాగంలో, హిస్టమిన్ తయారుచేసే నాడీకణాల గుంపు ఒకటి ఉంటుంది. మనం మెలకువగా, చురుగ్గా ఉండటానికి అవి ముఖ్యం. ముక్కు కారడానికీ దురదకీ కారణమయ్యే హిస్టమిన్, మెదడులో మనల్ని మేలుకొలిపి ఉంచే హిస్టమిన్, రెండూ ఒకటే పదార్థం, రెండూ ఒకే రకం గ్రాహకాల మీద, అంటే కణాల మీద తలుపుల్లాంటి వాటి మీద పనిచేస్తాయి. పాత తరం మందులు రక్తం నుంచి మెదడులోకి సులువుగా దూరిపోతాయి, ముక్కులో మూసేసిన తలుపునే మెదడులోనూ మూసేస్తాయి. అలా మూసుకుపోయినప్పుడు అందరికీ ఆవలింతలు రావు, రెప్పలు వాలవు. కొందరికి కళ్లు తెరిచే ఉంటాయి, మాట బాగానే ఉంటుంది, కానీ ముందున్న బండి వేగం తగ్గిందని గుర్తించి కాలు బ్రేకు మీదికి వెళ్లే లోపు ఆలస్యం పెరుగుతుంది. తనకేమీ కాలేదని చెప్పేవాడు అబద్ధం ఆడటం లేదు, అతనికి నిజంగానే ఏమీ అనిపించడం లేదు.

ఇది నా ఊహ కాదు. 2000లో అమెరికాలోని అయోవా డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో చేసిన ఒక పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. ఎలర్జీ ఉన్న 40 మంది డ్రైవర్లకు వేర్వేరు రోజుల్లో 50 మిల్లీగ్రాముల డైఫెన్‌హైడ్రమైన్, కొత్త తరానికి చెందిన ఫెక్సోఫెనడిన్, మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర, రక్తంలో దాదాపు 0.1 శాతం ఆల్కహాల్ ఉండేంత మద్యం ఇచ్చి, ఒక్కోసారీ సిమ్యులేటర్‌లో బండి నడిపించారు. అసలు పని ఏమిటంటే, ముందు వెళ్లే కారు వేగం పెంచినా తగ్గించినా దానికి తగ్గట్టు తమ వేగం మార్చుకుంటూ దూరం కాపాడుకోవడం. ఈ పనిలో డైఫెన్‌హైడ్రమైన్ వేసుకున్నప్పుడు వాళ్లు మద్యం తీసుకున్నప్పటి కంటే కూడా అధ్వానంగా చేశారు. లేన్‌లో నిలకడగా ఉండటం మద్యంతోనూ దెబ్బతింది, ఈ మాత్రతోనూ దెబ్బతింది. నిజం చెప్పాలంటే అన్నిట్లోనూ మాత్రే ఘోరం అని కాదు, దారికి అడ్డంగా హఠాత్తుగా వచ్చిన వాహనానికి అందరికంటే ఆలస్యంగా స్పందించింది మద్యం తీసుకున్నప్పుడే. ఫెక్సోఫెనడిన్ వేసుకున్నప్పుడు మాత్రం వాళ్ల డ్రైవింగ్ ఉత్తుత్తి మాత్రతో నడిపినట్టే ఉంది.

ఆ పరీక్షలో మీరు చూడాల్సిన ఫలితం ఇంకొకటి ఉంది. నీకెంత నిద్రమత్తుగా ఉంది అని వాళ్లనే అడిగారు. వాళ్లు చెప్పిన మత్తుకీ, ముందు కారుతో సమానంగా వెళ్లగలిగారా లేదా అన్నదానికీ సంబంధం లేదు. మిగతా కొలతలతో ఉన్న సంబంధం కూడా బలహీనమే. అంటే ‘మగతగా ఉంటే నడపకండి’ అని మీరు ఏ కొలబద్దను జనం చేతికిచ్చారో, ఆ కొలబద్ద పనిచేయదని ఇన్నేళ్ల కిందటే తేలిపోయింది. అయినా వాక్యం అలాగే ఉంది.

ఇక రెండో లోపం, నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. చాలామంది జాగ్రత్తపరులే. పగలు వేసుకుంటే నిద్ర వస్తుందని వాళ్లకు తెలుసు. అందుకని రాత్రి పడుకునే ముందు వేసుకుని, పొద్దున్నే డ్యూటీకి వస్తారు. రాత్రి వేసుకున్నాను, ఎనిమిది గంటలు పడుకున్నాను, మందు దిగిపోయి ఉంటుందిలే అనుకుంటారు. డాక్టర్లు కూడా కొందరు రాత్రిపూట వేసుకోమనే చెబుతారు. కానీ మందు దిగిపోవడం మన నిద్రను బట్టి ఉండదు.

క్లోర్‌ఫెనిరమైన్‌నే తీసుకోండి, జలుబు మాత్రల్లో పారాసిటమాల్‌తో కలిపి ఎక్కువగా కనిపించేది అదే. పెద్దవాళ్లలో రక్తంలోని ఆ మందు సగానికి తగ్గడానికి సుమారు 20 నుంచి 24 గంటలు పడుతుంది. మనిషిని బట్టి ఇంకా తక్కువ, ఇంకా ఎక్కువ కూడా ఉంటుంది. కాలేయంలో దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ కొందరిలో పుట్టుకతోనే నెమ్మదిగా పనిచేస్తుంది, కిడ్నీలు సరిగ్గా లేనివాళ్లలో మందు మరింత సేపు నిలుస్తుంది. హైడ్రాక్సిజైన్ కూడా పెద్దవాళ్లలో సగం కావడానికి దాదాపు 20 గంటలు తీసుకుంటుంది, వయసు మళ్లినవాళ్లలో ఇంకా ఎక్కువ. డైఫెన్‌హైడ్రమైన్ అయితే సుమారు 9 గంటలు.

మా దగ్గర ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఒకతని విషయం చెబుతాను. మంచి పనివాడు, తాగుడు లేదు, అలసటగా ఉంటే తనే వచ్చి చెప్పే రకం. జలుబు చేసి రెండు రోజులు కలగలుపు మాత్ర వేసుకున్నాడు, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి ఒక్కోటి. ఒక్కో మాత్రలో క్లోర్‌ఫెనిరమైన్ 2 మిల్లీగ్రాములు. ఆ రెండు రోజులూ సెలవులోనే ఉన్నాడు, బండి జోలికి పోలేదు. మూడో రోజు ముక్కు తేలికపడింది, మాత్రలు ఆపేశాడు, పొద్దున్న 6 గంటలకు డ్యూటీకి వచ్చాడు. మొదటి గంటలోనే రెండుసార్లు ఫోర్కులు సరుకు పెట్టే చెక్క ప్యాలెట్ సందులోకి కాకుండా చెక్కకు తగిలాయి. మూడోసారి రివర్స్‌లో వస్తూ నేల మీద పసుపు గీత దాటి, మనుషులు నడిచే దారిలోకి వెనక చక్రం పెట్టాడు. అప్పుడు అక్కడ ఎవరూ లేరు. నేను ఆపి అడిగితే, బాగానే ఉన్నాను సార్, రాత్రి బాగా పడుకున్నాను కూడా అన్నాడు. కళ్లు మాత్రం కొంచెం మసకగా ఉన్నాయని, కొత్త చోటికి వచ్చినట్టుందని అన్నాడు. జేబులో ఉన్న మాత్రల పట్టీ తీసి చూపించాడు. వెనకవైపు ఆ వాక్యం ఉంది, ఆవగింజంత అక్షరాల్లో, సగం అతను చించుకున్న మాత్రల గుంటలతో పాటే పోయింది.

ఆ రోజు నేను కాగితం మీద లెక్క వేసి అతనికి చూపించాను. మందు సగం కావడానికి 24 గంటలు అనుకుందాం, ఎనిమిది గంటలకోసారి ఒక మాత్ర. ఆరు మాత్రలు, అంటే 12 మిల్లీగ్రాములు ఒంట్లోకి వెళ్లాయి. ఆఖరి మాత్ర రాత్రి 10 గంటలకు. పొద్దున్న 6 గంటలకు ఇంకా 6 మిల్లీగ్రాములకు కొంచెం తక్కువ మిగిలి ఉంటుంది, దాదాపు మూడు మాత్రల మందు. ఒక్క మాత్ర కూడా వేసుకోని ఆ రోజు గడిచి మర్నాడు పొద్దున్న కూడా మాత్రన్నర ఉంటుంది. ఇది మోటు లెక్క, మింగినదంతా రక్తంలోకి పోదు, మనిషి మనిషికీ తేడా ఉంటుంది. అయినా మాత్రలు ఆపిన రోజున ఒంట్లో మందు లేదనుకోవడం ఎంత తప్పో చూపించడానికి చాలు. మొదటి రోజు ఒక్క మాత్ర వేసుకున్న తర్వాత ఉన్నదానికంటే ఆపేసిన రోజు పొద్దున్నే అతని ఒంట్లో ఎక్కువ మందు ఉంది.

దీనికి మీవాళ్లు ఇచ్చే జవాబు నాకు తెలుసు, అందులో నిజం కూడా ఉంది. రక్తంలో ఎంత మందు ఉందో అంత మత్తు ఉంటుందని లేదు. మత్తు మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కువ, తర్వాత తగ్గుతుంది. రోజూ వేసుకునేవాళ్లకు మూడు నాలుగు రోజుల్లో మెదడు కొంత అలవాటు పడుతుంది కూడా. సరే. కానీ జలుబు మాత్ర వాడేది ఆ మొదటి మూడు నాలుగు రోజులే కదా. అలవాటు పడే లోపే వాడకం అయిపోతుంది, అంటే మత్తు ఎక్కువగా ఉండే రోజులే జలుబు మనిషికి దక్కుతాయి. ఇక మర్నాటి సంగతికి వస్తే, జపాన్‌లో మెదడు స్కానింగ్‌తో నేరుగా చూశారు. రాత్రి డైఫెన్‌హైడ్రమైన్ వేసుకున్నవాళ్లలో, దాదాపు 12 గంటల తర్వాత, మర్నాడు పగలు కూడా, మెదడులోని హిస్టమిన్ గ్రాహకాల్లో 45 శాతం దాకా ఆ మందు ఆక్రమించే ఉంది. అది 9 గంటల్లో సగమయ్యే మందు. క్లోర్‌ఫెనిరమైన్ దానికంటే చాలా నెమ్మదిగా దిగుతుంది.

విమానాలు నడిపేవాళ్ల విషయంలో దీన్ని ఎంత గట్టిగా పట్టుకున్నారో చూడండి. అమెరికా విమానయాన శాఖ పైలట్లకు చెప్పే లెక్క ఏమిటంటే, మత్తు కలిగించే మందు ఆఖరి మోతాదు తర్వాత, ఆ మందు సగమవడానికి అత్యధికంగా పట్టే సమయానికి ఐదు రెట్లు ఆగాలి. ఆ లెక్కన డైఫెన్‌హైడ్రమైన్‌కి వాళ్లు పెట్టిన గడువు 60 గంటలు, రెండున్నర రోజులు. ఊరికే పెట్టలేదు. 1990 నుంచి 2012 దాకా విమాన ప్రమాదాల్లో చనిపోయిన పైలట్ల రక్త పరీక్షలను అక్కడి రవాణా భద్రతా బోర్డు పరిశీలిస్తే, పనితీరును దెబ్బతీయగల మందుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది డైఫెన్‌హైడ్రమైనే. మందు దొరికినంత మాత్రాన ప్రమాదం దానివల్లే జరిగిందని చెప్పలేం, అది నాకూ తెలుసు. లారీ డ్రైవరుకి 60 గంటలు ఆగమని చెప్పడం జరిగే పని కాదని కూడా తెలుసు. కానీ ఒకచోట రెండున్నర రోజులు, ఇంకోచోట నీకెలా అనిపిస్తే అలా అంటే ఎలా? రెండు చోట్లా మెదడు ఒకటే.

మీలో కొందరికి ఇంకో మాట గుర్తు చేయాలి. ఇదే డైఫెన్‌హైడ్రమైన్‌ని, డాక్సిలమైన్‌ని చాలా దేశాల్లో నిద్రమాత్రలుగా అమ్ముతున్నారు, డాక్టరు చీటీ అక్కర్లేకుండా. ఒక పెట్టె మీద నిద్ర పట్టిస్తుందని పెద్ద అక్షరాల్లో, అదే మందు ఉన్న జలుబు పెట్టె మీద మగత కలిగించవచ్చు అని చిన్న అక్షరాల్లో. రెండింట్లో మందు ఒకటే అయినప్పుడు హెచ్చరిక బరువు కూడా ఒకటే ఉండాలి.

కాఫీ తాగితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కొన్ని జలుబు మాత్రల్లో కెఫీన్ కూడా కలిపే ఉంటుంది. కెఫీన్ నిద్ర వస్తున్న భావనను తగ్గిస్తుంది, మెదడులో మూసుకుపోయిన హిస్టమిన్ గ్రాహకాలను అది తెరవదు. హుషారుగా ఉన్నట్టుంటుంది కాబట్టి ఇంకా ధైర్యంగా స్టీరింగ్ పట్టుకుంటారు. మద్యం అయితే చెప్పనక్కర్లేదు, రాత్రి మాత్రకు తోడు కొంచెం మద్యం పడితే రెండు మత్తులూ కలుస్తాయి. నిద్రమాత్రలు, నొప్పికి ఇచ్చే కొన్ని బలమైన మందులు, ఆందోళన తగ్గించే మందులతోనూ అంతే. తెల్లవారుజామున, సుమారు 2 నుంచి 6 గంటల మధ్య, ఒంటికి సహజంగానే నిద్ర ముంచుకొచ్చే వేళ. నైట్ షిఫ్టు వాడు ఆ వేళలో మాత్ర మిగులుతో ఉంటే, మూడు సెకన్ల కునుకు రావడానికి పెద్దగా ఏమీ అక్కర్లేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లంటే 50 మీటర్లు, కళ్లు మూసుకుని.

మత్తు ఒక్కటే కాదు. ఈ పాత మందులకు ఇంకో గుణం ఉంది, నోరు ఎండిపోతుంది, కంటిపాప విచ్చుకుంటుంది, దగ్గరి వస్తువు మీద చూపు నిలపడం కష్టమవుతుంది. మా ఫోర్క్‌లిఫ్ట్ మనిషి చెప్పిన మసక అదే అయి ఉంటుందని నా అనుమానం. రాత్రిపూట ఎదురు బండి లైట్లు మామూలు కంటే ఎక్కువ కొట్టినట్టు అనిపించినా, మీటరు మీద అంకె రెండుసార్లు చూడాల్సి వచ్చినా, దాటొచ్చిన మలుపు గుర్తులేకపోయినా, ముందు బండితో దూరం ఒకసారి బాగా పెరిగి ఒకసారి బాగా తగ్గుతున్నా, మందు ఇంకా ఉందనే లెక్క. ఇవి చాలావరకు పక్కన కూర్చున్నవాళ్లకు ముందు తెలుస్తాయి, నడిపేవాడికి కాదు. ఒకవేళ ఇవేవీ కనిపించకపోయినా అంతా బాగుందని కాదు.

ఇది మార్చలేనిది కాదని చెప్పడానికి వేరే దేశాల వైపు చూడండి. జపాన్‌లో చీటీ లేకుండా దొరికే జలుబు మందుల మీద, వేసుకున్నాక వాహనాలు, యంత్రాలు నడపవద్దు అని సూటిగా రాస్తారు, మగతగా అనిపిస్తే అన్న మినహాయింపు లేదు. అక్కడే ఫెక్సోఫెనడిన్, లోరటడిన్ లాంటి కొత్త తరం మందులకు ఆ హెచ్చరిక పెట్టరు. అంటే నడపాల్సినవాడు దేన్ని ఎంచుకోవాలో లేబుల్ చూస్తేనే తెలిసిపోతుంది. ఫ్రాన్స్‌లో 2005 నాటి ఆదేశంతో మందుల పెట్టెల మీద కారు బొమ్మ ఉన్న గుర్తులు వచ్చాయి, పసుపు, నారింజ, ఎరుపు అని మూడు మెట్లు. ఎరుపు అంటే నడపవద్దు, మళ్లీ ఎప్పుడు నడపవచ్చో డాక్టర్ని అడుగు అని. చదువు రానివాడికి కూడా అర్థమవుతుంది.

నేను మిమ్మల్ని అడిగేది కూడా అంతే సాదాగా ఉంటుంది. పాత తరం యాంటీహిస్టమిన్ ఉన్న ప్రతి మాత్ర మీద, సిరప్ మీద, ఈ మాదిరి వాక్యం పెట్టండి: ‘ఈ మందు వేసుకున్న రోజున, మర్నాడు వాహనాలు, యంత్రాలు నడపవద్దు. మీకు మత్తుగా అనిపించకపోయినా సరే. రాత్రి వేసుకున్నా మర్నాడు పగలు దీని ప్రభావం ఉంటుంది.’ క్లోర్‌ఫెనిరమైన్, హైడ్రాక్సిజైన్ లాంటి నెమ్మదిగా దిగే మందులను రోజుల తరబడి వాడితే, ఆపిన తర్వాత కూడా కనీసం ఒక పూర్తి రోజు ఆగమని విడిగా రాయండి. ఆ గడువు ఒక రోజా, రెండు రోజులా అన్నది మీ నిపుణులు కూర్చుని తేల్చవచ్చు. అంకె అంటూ ఒకటి ఉండాలి. మనిషికి మనిషికి తేడా ఉంటుంది కాబట్టి అంకె రాయలేం అంటారేమో, తేడా ఉంది కాబట్టే నెమ్మదిగా దిగేవాణ్ని దృష్టిలో పెట్టుకుని రాయాలి.

సెటిరిజిన్, లెవోసెటిరిజిన్ గురించి కూడా స్పష్టంగా ఉండండి. వాటిని మత్తు రాని మందులని జనం అనుకుంటున్నారు. పాతవాటికంటే చాలా నయం, అది నిజం, కానీ కొందరిలో మత్తు వస్తుంది, మోతాదు పెరిగితే ఇంకా వస్తుంది. మొదటిసారి వేసుకునేవాడు సెలవు రోజున వేసుకుని చూడాలని ఒక మాట రాస్తే చాలు. బండి నడపక తప్పనివాడికి ఎలర్జీ ఉంటే, డాక్టరు వద్దనకపోతే, ఫెక్సోఫెనడిన్ లేదా లోరటడిన్ సరైన దారి, చెప్పిన మోతాదు దాటకుండా. మామూలు జలుబుకి మాత్రం కొత్త తరం మందులు పెద్దగా పనిచేయవు, పాతవి ముక్కు కారడం తగ్గించేది కూడా మొదటి ఒకటి రెండు రోజులే, అదీ కొంచెం. నోరు ఎండబెట్టే గుణమే ముక్కునూ కొంత ఎండబెడుతుంది. కాబట్టి జలుబు చేసిన డ్రైవరుకి ఒళ్లు నొప్పులకు విడి పారాసిటమాల్, ముక్కుకి ఉప్పునీటి చుక్కలు చాలాసార్లు సరిపోతాయి. కలగలుపు మాత్రలో తనకు అక్కర్లేని, మత్తు కలిగించే మందు ఉందని తెలిస్తే చాలామంది విడి మాత్రే అడుగుతారు.

అది తెలియాలంటే పేరు కనిపించాలి. జలుబు మాత్ర అన్న బ్రాండు పేరు ఇంత లావున ఉండి, క్లోర్‌ఫెనిరమైన్ అన్న మాట భూతద్దం పెడితే గానీ దొరకకుండా ఉంటే, మా మనిషి గానీ నేను గానీ ఏం చేయగలం? పెట్టె పారేశాక చేతిలో మిగిలేది పట్టీ. పట్టీలో సగం వాడాక మిగిలేది సగం హెచ్చరిక. అందుకని ప్రతి మాత్ర గుంట వెనకాలా మందు పేరు, కారు మీద అడ్డగీత ఉన్న చిన్న గుర్తు అచ్చు వేయించండి, చివరి మాత్ర దాకా అది మిగిలేలా. అప్పుడు డ్యూటీకి ముందు నేను ఎవరినైనా జేబులో పట్టీ చూపించమని అడిగితే, ఇద్దరం ఒకే గుర్తు చూసి, ఆ రోజుకి అతన్ని యంత్రం దగ్గర కాకుండా వేరే పనిలో పెట్టడానికి వాదన అవసరం ఉండదు.

ఇట్లు,
ఒక సేఫ్టీ ఉద్యోగి